ఒకే ఉత్తరం ముగ్గురు బయ్యర్లకు పంపాను: మర్యాదగా జవాబిచ్చినవారు మాయమయ్యారు, కటువుగా జవాబిచ్చినవారు మళ్లీ ఆర్డరు ఇచ్చారు

కోవూరు_డాక్యుమెంట్లు

నెల్లూరుకు దగ్గరలో ఉన్న ఒక రొయ్యల ప్లాంటులో ఎగుమతి పత్రాలు తయారు చేయడం, విదేశీ బయ్యర్లకు ఉత్తరాలు రాయడం నా పని. అక్టోబరు 18 నుంచి పడిన వర్షాలకు మా రైతులు భయపడి గుంటలలోని రొయ్యలను ముందుగానే పట్టేశారు. దానితో మాకు కావలసిన సైజు సరుకు రాలేదు. నవంబరు 3న చెన్నై నుంచి బయలుదేరవలసిన మూడు కంటైనర్లు 12 రోజులు వెనక్కి పోయాయి. ఒకటి ఒసాకాకు, ఒకటి రాటర్‌డామ్‌కు, ఒకటి న్యూజెర్సీకి వెళ్లవలసినవి.

నవంబరు 1న ముగ్గురికీ ఒకే ఉత్తరం పంపాను. దాని సారాంశం ఇది: మీ అమూల్యమైన ఆర్డరుకు ధన్యవాదాలు, వర్షాల కారణంగా అనివార్య పరిస్థితులలో సరుకు పంపడంలో కొంత జాప్యం జరిగే అవకాశం ఉన్నది, ప్రస్తుతం 60 కౌంటు మాత్రమే లభిస్తున్నది, మీ సహకారాన్ని కోరుతున్నాము, దయచేసి అవసరమైన చర్య తీసుకోగలరు.

రాటర్‌డామ్ నుంచి గంటలోపే జవాబు వచ్చింది. పలకరింపు కూడా లేకుండా "కొత్త తేదీ ఏది? అక్టోబరు 18న వర్షం పడితే నవంబరు 1న ఎందుకు చెబుతున్నారు? 60 కౌంటు మేము అడగలేదు" అని మూడు వాక్యాలు రాశారు. మా సార్ దానిని చదివి చాలా బాధపడి, ఇంత అవమానం పడి వ్యాపారం చేయనవసరం లేదన్నారు. ఒసాకా వారు మాత్రం మా కష్టం అర్థమైందని, రైతులు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నామని, తరువాతి ఆర్డరు విషయం తమలో తాము పరిశీలిస్తామని ఎంతో చక్కగా రాశారు. న్యూజెర్సీ ఆయన "ఏమీ ఫరవాలేదు, ముందుగా చెప్పినందుకు ధన్యవాదాలు, ఎప్పటికప్పుడు తెలియజేస్తూ ఉండండి" అన్నారు.

ఆరు వారాలు గడిచాయి. రాటర్‌డామ్ వారు మరో రెండు కంటైనర్లకు ఆర్డరు ఇచ్చారు. ఒసాకా నుంచి ఒక్క అక్షరం రాలేదు. న్యూజెర్సీ ఆయన "ఊరికే కనుక్కుంటున్నాను" అని రెండుసార్లు రాసి, మూడోసారి తమ కొనుగోలు విభాగాధిపతిని కూడా ఉత్తరంలో చేర్చి గట్టిగా అడిగారు. నేను ఎక్కడ తప్పాను?

సింగరాయకొండ_శీను

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. తెల్లవారికి సూటిగా రాయాలి, ఆసియావారికి వినయంగా రాయాలి. మీరు ముగ్గురికీ వినయంగా రాశారు కాబట్టి ఇద్దరి దగ్గర తప్పింది.

పెన్నా_తీరం

శీను గారూ, మీ సూత్రమే నిజమైతే ఒసాకా దగ్గర తప్పకూడదు కదా. వ్యాపారం పోయింది సరిగ్గా అక్కడే.

ఈ జిల్లాలో రొయ్యల ఎగుమతిలో 19 ఏళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కోవూరు గారి ఉత్తరం వినయంగా ఉన్నదన్న మాట నిజమే, కానీ దాని అసలు దోషం వినయం కాదు. అందులో విషయమే లేదు. "కొంత జాప్యం" అంటే ఎన్ని రోజులో లేదు, "అవకాశం ఉన్నది" అంటే జరుగుతుందో జరగదో లేదు, "అవసరమైన చర్య" అంటే ఎవరు ఏమి చేయాలో లేదు. మన కార్యాలయాలలో ఇలా రాస్తే చదివేవారు మిగిలినది తామే పూరించుకుంటారు, లేదా ఫోను చేస్తారు. రాటర్‌డామ్ ఆమె పూరించుకోలేదు, అడిగారు. ఒసాకా ఆయన అడగలేదు, పూరించుకున్నారు. "వీరికి తేదీ తెలియదు, లేదా తెలిసినా చెప్పడం లేదు" అని ఆయన పూరించుకొని ఉంటారు.

కోవూరు_డాక్యుమెంట్లు

రాటర్‌డామ్ వారు ఆమె అని మీకెలా తెలిసింది? నిజానికి ఆమే. నేను మాత్రం "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టాను. ఆ సంగతి తరువాత తెలిసి సిగ్గుపడ్డాను.

పెన్నా_తీరం

నాకు తెలియదు, చేయి జారి అలా రాశాను. అయితే ఆ సంబోధన గురించి కూడా చెప్పుకోవలసిందే. డచ్చివారికి "రెస్పెక్టెడ్" అన్న మాటతో పని లేదు. సంతకంలో ఉన్న మొదటి పేరుతో పిలిస్తే వారికి చాలు. పేరు కనిపిస్తూ ఉండగా "సర్" అని రాస్తే, ఈ ఉత్తరం ఎవరికో రాసినది తనకు పంపారని అనుకుంటారు. మీ విషయంలో అది నిజం కూడా.

చీమకుర్తి_నల్లరాయి

మాది రొయ్యల వ్యాపారం కాదు, చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు. కానీ తేదీలూ జాప్యాలూ అందరికీ ఒకటే. డచ్చివారికి మొదటి పేరు చాలునన్న మాటను జర్మనులకు అన్వయించకండి. స్టుట్‌గార్ట్ దగ్గర నాకొక బయ్యరు ఉన్నారు. ఆయన పేరుకు ముందు డాక్టర్ అని ఉంటుంది. తొమ్మిదేళ్లుగా డాక్టర్ అని, ఇంటిపేరు జోడించి రాస్తున్నాను. ఒకసారి మా అబ్బాయి అమెరికా అలవాటుతో ఆయనకు "హాయ్" అని మొదటి పేరుతో రాస్తే, వచ్చిన జవాబులో మా అబ్బాయి పూర్తి పేరుకు ముందు మిస్టర్ పెట్టి, ఒక్క మెట్టు కూడా దిగకుండా రాశారు. తిట్టలేదు, కానీ అర్థమైంది.

అంత మర్యాద పాటించే ఆయన విషయంలోకి వచ్చేసరికి మొహమాటమే ఎరుగరు. "శాయశక్తులా ప్రయత్నిస్తాము" అని ఒకసారి రాశాను. "ఇది అవునా, కాదా?" అని ఒకే వాక్యం వచ్చింది. మర్యాద వేరు, సూటితనం వేరు అని నాకు ఆ రోజు తెలిసింది. ఒక దేశంలో రెండూ ఎక్కువగా ఉండవచ్చు, మరొక దేశంలో ఒకటి ఎక్కువై ఒకటి తక్కువ కావచ్చు.

సింగరాయకొండ_శీను

సరే, జర్మనీ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆసియా అంతా వినయమే కదా?

చీమకుర్తి_నల్లరాయి

చైనా షియామెన్ నుంచి బ్లాకులు కొనేవారు వీచాట్‌లో మొదటి సందేశంలోనే ధర అడుగుతారు, రెండో సందేశంలో తగ్గించమంటారు. నమస్కారం మూడో సందేశంలో వస్తే వస్తుంది. అయితే హోదాను మాత్రం మరువకూడదు. వారు యజమానిని ఇంటిపేరు తరువాత "జోంగ్" చేర్చి పిలుస్తారు. అది మనం "సార్" అన్నట్లే. పటాన్ని చూసి ఆసియా ఒకటి, ఐరోపా ఒకటి అని గీతలు గీస్తే పొరపాటే.

ఉదయగిరి_చెంచాలు

మేము ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేయించి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాము. మా అమెరికా కొనుగోలుదారు ఒకరు డబ్బు ముప్పై రోజుల తరువాత ఇస్తామంటున్నారు. ముందే ఇమ్మని ఎలా అడగాలి? సూటిగా అడిగితే నొచ్చుకుంటారా?

పెన్నా_తీరం

అది చెల్లింపు షరతుల విషయం, దానికి వేరే చర్చ పెట్టండి. అమెరికావారు డబ్బు మాట సూటిగా అడిగితే నొచ్చుకోరు, అంతవరకే ఇక్కడ చెప్పగలను.

ఉదయగిరి_చెంచాలు

క్షమించండి, తప్పు చోట అడిగాను. అయితే ఇక్కడికి సరిపోయే అనుభవం ఒకటి ఉన్నది. అదే దేశపు మరొక దుకాణం ఆమె మా గరిటెల నమూనాలు చూసి "ఎంత అందంగా ఉన్నాయో! మా బృందమంతా మురిసిపోయింది! ఒక్క చిన్న విషయం, పైపూత కొంచెం జిడ్డుగా అనిపించింది, వీలైతే చూడగలరా" అని రాసింది. మేము మురిసిపోయిన మాట చదివి మురిసిపోయాము. చిన్న విషయం చిన్నదే అనుకొని అదే నూనె పూతతో 400 గరిటెలు పంపాము. తరువాతి రెండు ఆర్డర్లు రద్దయ్యాయి. కారణం పూతేనని అప్పుడు రాసింది. ముందే గట్టిగా చెప్పి ఉంటే మార్చేవారం కదా!

పెన్నా_తీరం

ఆమె గట్టిగానే చెప్పింది, కాకపోతే అమెరికా పద్ధతిలో చెప్పింది. వారు పని విషయం, డబ్బు విషయం, తేదీ విషయం సూటిగా మాట్లాడతారు. లోపం చెప్పవలసి వస్తే మాత్రం ముందొక మెచ్చుకోలు, వెనుకొక మెచ్చుకోలు పెట్టి మధ్యలో దూర్చుతారు. ఆ మధ్యలో ఉన్నదే ఉత్తరం. అదే లోపాన్ని డచ్చి ఆమె అయితే "పూత జిడ్డుగా ఉంది, మార్చండి" అని రాసి ఊరుకునేది, మీరు ఏడ్చేవారు, గరిటెలు మాత్రం సరిగ్గా వెళ్లేవి.

శీను గారు "తెల్లవారికి సూటిగా" అన్నది సగం నిజమనడం ఇందుకే. న్యూజెర్సీ ఆయన "ఏమీ ఫరవాలేదు" అన్నదానిని కోవూరు గారు అక్షరాలా తీసుకున్నారు. ఆ వాక్యంలో బరువున్న మాట అది కాదు, "ఎప్పటికప్పుడు తెలియజేస్తూ ఉండండి" అన్నది. "ఊరికే కనుక్కుంటున్నాను" అని వచ్చిందంటే ఊరికే కాదని అర్థం. రెండోసారి అదే మాట వస్తే సహనం అయిపోయిందని అర్థం. ఆయనకు మీరు మూడు నాలుగు రోజులకొకసారి రెండు వాక్యాలు పంపి ఉంటే, కొత్త సంగతి ఏమీ లేకపోయినా, ఆ పై అధికారి ఉత్తరంలోకి వచ్చేవారు కాదు.

కావలి_కృష్ణ

మా ఇంట్లో కూడా "ఏం ఫరవాలేదులే" అంటే చాలా ఫరవా ఉన్నదని అర్థం. దానికి న్యూజెర్సీ దాకా వెళ్లనవసరం లేదు.

కోవూరు_డాక్యుమెంట్లు

అమెరికా సంగతి అర్థమైంది. నన్ను నిద్రపోనివ్వనిది ఒసాకా. అంత మర్యాదగా, రైతుల క్షేమం కూడా అడిగి రాసినవారు ఎందుకు మాయమయ్యారు? "తరువాతి ఆర్డరు పరిశీలిస్తాము" అన్నారు కదా?

పెన్నా_తీరం

పెళ్లిచూపులకు వచ్చి, పెసరట్టు తిని, కాఫీ తాగి, "అమ్మాయి బంగారం, ఇంటికి వెళ్లి పెద్దలతో మాట్లాడి కబురు చేస్తాము" అని వెళ్లిన వారి కబురు కోసం మీరు ఆరు వారాలు ఎదురు చూస్తారా? మూడో రోజుకే మనకు తెలిసిపోతుంది. వారు అబద్ధం చెప్పలేదు, మనల్ని మోసం చేయలేదు. ఎదురుగా "వద్దు" అనడం కంటే ఇది మర్యాద అనుకున్నారు, మనమూ అలాగే అనుకుంటాము. "జాతకాలు కలవలేదు" అన్నప్పుడు ఏ గ్రహం ఎక్కడుందని మనం అడగము.

జపాన్‌వారి "కెంటో షిమాసు" అన్న మాట కూడా అటువంటిదే. పరిశీలిస్తామని దాని అర్థం. కొన్నిసార్లు నిజంగా పరిశీలిస్తారు కూడా, ఎందుకంటే అక్కడ ఒకరి నిర్ణయం చాలదు, కాగితం కింది నుంచి పైదాకా అందరి ముద్రలతో తిరగాలి. కాబట్టి మాటను బట్టి తేల్చకండి, తరువాత వచ్చే ప్రశ్నలను బట్టి తేల్చండి. నిజంగా పరిశీలిస్తుంటే చిన్న చిన్న ప్రశ్నలు వస్తూనే ఉంటాయి: కార్టన్ మీద అక్షరాల కొలత ఎంత, పరీక్ష నివేదిక నకలు పంపగలరా, ఫలానా గుంట ఏ ఊరిది అని. మనకు విసుగు వచ్చేటన్ని ప్రశ్నలు వస్తే వ్యాపారం బతికి ఉన్నట్లు. ఒక్క ప్రశ్న కూడా లేకుండా మర్యాద ఒక్కటే వస్తే తలుపు మూసినట్లు.

సింగరాయకొండ_శీను

ఒక ఉత్తరం బాగా లేనందుకే తలుపు మూసేస్తారా? 12 రోజులు ఆలస్యమైతే ఎవరైనా ఆర్డరు ఆపుతారు. దీనికి మర్యాదతో సంబంధం ఏమున్నది?

పెన్నా_తీరం

మంచి ప్రశ్న. ఆలస్యం ఒక కారణం కాదనడం లేదు, అయితే వానకు అయిన ఆలస్యాన్ని జపాన్‌వారు క్షమించడం నేను చాలాసార్లు చూశాను. వారు క్షమించలేనిది ఆలస్యంగా తెలియజేయడం. పనిలో చేరిన కుర్రవాళ్లకు అక్కడ మొదట నేర్పే మాట "హోరెన్సో". జరిగినది నివేదించడం, సంబంధించినవారికి తెలియజేయడం, నిర్ణయానికి ముందు సంప్రదించడం అన్న మూడు మాటల మొదటి అక్షరాల కలయిక అది. పాలకూరను కూడా అదే మాటతో పిలుస్తారు కాబట్టి ఎవరూ మరచిపోరు. అక్టోబరు 20కే సరుకు చాలదని మీకు తెలుసు. నవంబరు 1 దాకా మీరు ఊరుకున్నారు. మంచి వార్త తోడైతే చెబుదామని ఆగి ఉంటారు, మనమందరమూ ఆగుతాము.

కోవూరు_డాక్యుమెంట్లు

నిజం. అల్లూరు వైపు ఇంకొక రైతు దగ్గర సరుకు దొరుకుతుందేమోనని మా సార్ ఆగమన్నారు. దొరికితే చెప్పే అవసరమే రాదు కదా అన్నారు.

పెన్నా_తీరం

మీ సార్ అన్నది నేను కూడా ఒకప్పుడు అన్నదే. సరే, ఇప్పుడు ఆ ఉత్తరాన్నే తిరగరాద్దాం. ముందు సరుకు లెక్క సరిచేయాలి, ఎందుకంటే రాటర్‌డామ్ ఆమె మూడో వాక్యం దాని గురించే. మీరు "60 కౌంటు" అన్నది గుంట దగ్గర మన లెక్క, అంటే తలతో సహా కిలోకు 60 రొయ్యలు. ఆమె చదివినది తలలేని రొయ్యలు పౌండుకు 60 అని. అది చాలా చిన్న సైజు, అందుకే అడగలేదని రాసింది. మన కిలోకు 40 కౌంటు తల తీశాక సుమారుగా వారి 26/30 లోకి, అంటే పౌండుకు 26 నుంచి 30 రొయ్యలు తూగే సైజులోకి వస్తుంది, 60 కౌంటు 41/50 లోకి పడుతుంది. బయ్యరుకు రాసేటప్పుడు మన కౌంటును ఎన్నడూ వాడకండి. మర్యాద ఎంత సరిగ్గా ఉన్నా, కొలత తప్పితే అంతా తప్పినట్లే.

రాటర్‌డామ్‌కు నేనైతే ఇలా రాసేదాన్ని. ఉత్తరం శీర్షికలోనే ఆర్డరు సంఖ్య, "12 రోజుల ఆలస్యం, కొత్త తేదీ నవంబరు 15" అని ఉండాలి. లోపల:

> "మీ కంటైనరు నవంబరు 3న బయలుదేరదు. నవంబరు 15న, అంటే 46వ వారంలో, చెన్నై నుంచి బయలుదేరుతుంది. వర్షాల వల్ల రైతులు ముందుగా పట్టడంతో 26/30 సైజు తగ్గింది. మీ ముందు రెండు మార్గాలున్నాయి. ఒకటి, 15 దాకా ఆగితే మొత్తం 26/30 ఇస్తాము. రెండు, 8వ తేదీకే కావాలంటే 70 శాతం 26/30, మిగిలినది 31/40, ఆ భాగానికి 31/40 ధర. గురువారంలోగా ఏది కావాలో చెప్పండి."

అంతే. క్షమాపణ ఒక్కసారి, చివర, ఒక్క మాటలో. డచ్చివారూ జర్మనులూ వారాల సంఖ్యతో పని చేస్తారు కాబట్టి తేదీ పక్కన వారం కూడా రాస్తే వారి గోడ మీది పట్టికలోకి నేరుగా వెళ్తుంది.

న్యూజెర్సీకి దాదాపు ఇదే, కానీ మొదటి పేరుతో పలకరించి, పరిష్కారాన్ని ముందు పెట్టి, "మీ వైపు ఇది సరిపోతుందా?" అని ముగించాలి. తేదీలో నెలను అక్షరాలలో రాయడం తప్పనిసరి, ఎందుకంటే 3/11 అంటే ఆయనకు మార్చి 11. ఇక ఆ తరువాత రెండు వాక్యాల కబుర్లు ఆగకూడదు.

ఒసాకాకు మాత్రం అక్టోబరు 20నే ఒక చిన్న కబురు వెళ్లాలి: ఇటువంటి పరిస్థితి వచ్చింది, లెక్క చూస్తున్నాము, 23న పూర్తి వివరం పంపుతాము అని. 23న వెళ్లే ఉత్తరం ఇలా ఉండాలి:

> (సంస్థ పేరు, విభాగం, ఇంటిపేరు, ఆ వెనుక "సాన్")
> "ఎల్లప్పుడూ మీ ఆదరణ పొందుతున్నందుకు కృతజ్ఞతలు. నవంబరు 3న పంపవలసిన సరుకు విషయంలో మీకు తీవ్రమైన ఇబ్బంది కలిగిస్తున్నందుకు మనఃపూర్వకంగా క్షమాపణలు చెప్పుకుంటున్నాము. అక్టోబరు 18, 19 తేదీల వర్షాల వల్ల మాకు సరుకిచ్చే గుంటలలో కొన్నింటిని ముందుగా పట్టవలసి వచ్చింది. 26/30 సైజు మీ ఆర్డరులో 30 శాతం తగ్గింది. తక్కువైన సరుకు కోసం వర్షం తగలని గుంటలను ఎంపిక చేసి, నవంబరు 7న పట్టుబడి నిర్ణయించాము. బయలుదేరే తేదీ నవంబరు 15. ఇకముందు ఈశాన్య రుతుపవనాల కాలంలో మీ ఆర్డర్ల సరుకును కనీసం మూడు వారాలు ముందుగా నిల్వ చేస్తాము. మీ ప్రణాళికకు ఇది ఎలా ఉంటుందో మీ అభిప్రాయం తెలియజేయగలరని కోరుతున్నాము."

రెండు ఉత్తరాలలోనూ తేదీలు, శాతాలు ఒకే విధంగా ఉన్నాయని గమనించండి. ఒసాకా ఉత్తరంలో వినయం ఎక్కువ, కానీ స్పష్టత ఒక్క వీసం కూడా తక్కువ కాదు. మారినవి మూడే: క్షమాపణ ఎక్కడ ఉన్నది, మళ్లీ జరగకుండా ఏమి చేస్తారన్నది ఉన్నదా, జవాబును ఎలా అడిగారు. "గురువారంలోగా ఒకటో రెండో చెప్పండి" అని వారికి రాస్తే, ఇంకా ముద్రలు పడని కాగితం మీద సంతకం పెట్టమన్నట్లు ఉంటుంది.

చీమకుర్తి_నల్లరాయి

అంతా బాగున్నది కానీ క్షమాపణ విషయంలో నాకు అభ్యంతరం ఉన్నది. ఐరోపాకు ఒకసారి పంపిన పలకలలో రెండు కట్టల మీద తెల్ల చారలు వచ్చాయని ఫిర్యాదు వచ్చింది. నేను మన అలవాటుగా "మా వల్ల జరిగిన పొరపాటుకు మన్నించండి" అని మొదటి వాక్యంలోనే రాశాను. ఇంకా ఫొటోలు కూడా చూడలేదు. తరువాత చూస్తే ఆ చారలు మేము రాయి ఎంపిక సమయంలో వారి మనిషికి చూపించి సంతకం తీసుకున్న బ్లాకువే. కానీ నా ఉత్తరం పట్టుకొని "మీరే ఒప్పుకున్నారు కదా" అన్నారు. రెండు కట్టల సొమ్ము వదులుకున్నాను. అప్పటి నుంచి "విచారిస్తున్నాము" అంటానే తప్ప "మా పొరపాటు" అనను.

పెన్నా_తీరం

మీరు చెప్పినది నాణ్యత ఫిర్యాదు, కోవూరు గారిది ఆలస్యం. ఆలస్యంలో తప్పెవరిదన్న వివాదమే లేదు. ఫిర్యాదులో మాత్రం మీరన్నట్లు, వాస్తవం తేలేదాకా ఇబ్బందికి విచారం చెప్పాలి కానీ కారణాన్ని నెత్తిన వేసుకోకూడదు. జపాన్‌వారికైతే అప్పుడు కూడా ముందు క్షమాపణే చెబుతాను. వారు దానిని నేరాంగీకారంగా కాక, సంబంధానికి ఇచ్చే విలువగా తీసుకోవడమే నేను చూశాను.

చీమకుర్తి_నల్లరాయి

మీ బయ్యర్లు అలా తీసుకున్నారు. కాగితం వకీలు చేతికి వెళ్తే అక్కడ సంబంధం ఉండదు, వాక్యమే ఉంటుంది. ఈ విషయంలో నేను మారను.

పెన్నా_తీరం

మారమని అనను. మీరు పోగొట్టుకున్న సొమ్ము నేను పోగొట్టుకోలేదు.

గూడూరు_టు_దుబాయ్

నేను బల్లకు అవతలి వైపు కూర్చున్నవాడిని. గూడూరు నుంచి వచ్చి దుబాయ్‌లో ఒక సముద్ర ఉత్పత్తుల దిగుమతి సంస్థలో కొనుగోళ్లు చూస్తున్నాను. మన ఊళ్ల నుంచి వచ్చే ఉత్తరాలు నేనే చదివి మా యజమానికి చెబుతాను. మా యజమాని చెడ్డ వార్తను ఉత్తరంలో మొదట చూడడానికి ఇష్టపడరు. ముందు ఫోను రావాలి, కుశలప్రశ్నలు కావాలి, ఆ తరువాత విషయం. ఉత్తరం ఆ ఫోనుకు సాక్ష్యం మాత్రమే. రాటర్‌డామ్ నమూనా ఉత్తరం ఆయనకు నేరుగా పంపితే, అందులో ఒక్క తప్పు మాట లేకపోయినా, తనను లెక్కచేయలేదని అనుకుంటారు.

ఇంకొకటి. 2022 జనవరి నుంచి ఎమిరేట్స్‌లో ప్రభుత్వ వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం సగం రోజు పని. సౌదీలో మాత్రం శుక్ర, శనివారాలే సెలవు. అయినా ఇప్పటికీ మన నుంచి శుక్రవారం మధ్యాహ్నం "అత్యవసరం" అని ఉత్తరాలు వస్తూనే ఉంటాయి.

సింగరాయకొండ_శీను

మీ యజమాని "ఇన్‌షా అల్లా" అంటే దానిని అవుననుకోవాలా, కాదనుకోవాలా?

గూడూరు_టు_దుబాయ్

తేదీ చెప్పి అంటే అవును. తేదీ లేకుండా, నవ్వుతూ అంటే పైన పెన్నా_తీరం గారు చెప్పిన పెసరట్టు తిని వెళ్లినవారి లెక్కే. దైవాన్ని తలుచుకోవడం రెండు సందర్భాలలోనూ నిజమే కాబట్టి దానిని వేళాకోళం చేయకండి.

కావలి_కృష్ణ

పేర్ల సంగతి ఎవరైనా చెప్పండి. నా సంతకంలో ఇంటిపేరు ముందు ఒక అక్షరంగా ఉంటుంది. జపాన్ ఆయన నన్ను "కృష్ణ సాన్" అంటారు, జర్మనీ ఆయన "మిస్టర్ కృష్ణ" అంటారు. ఇద్దరూ అది నా ఇంటిపేరు అనుకుంటున్నారా?

పెన్నా_తీరం

అనుకుంటూనే ఉంటారు. దిద్దకండి, నష్టం లేదు. మీరు వారి పేరు రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. జపాన్‌వారి ఇంటిపేరు మనలాగే ముందు ఉంటుంది, కానీ ఇంగ్లీషులో రాసేటప్పుడు చాలామంది తిరగేస్తారు. 2020 నుంచి జపాన్ ప్రభుత్వ పత్రాలు ఇంగ్లీషులో కూడా ఇంటిపేరే ముందు రాస్తున్నాయి, కాబట్టి రెండు రకాలూ కనిపిస్తాయి. పెద్ద అక్షరాలలో ఉన్నది ఇంటిపేరు. అలా లేకపోతే మన ఏజెంటును అడగడం మేలు. మీ సంతకంలో మీ పేరుకు మీరే "సాన్" తగిలించుకోకండి, అది ఒకరు మీకు ఇచ్చేది. మా దగ్గర ఒక కుర్రవాడు ఆ పని చేశాడు.

కోవూరు_డాక్యుమెంట్లు

ఒసాకాకు ఇప్పుడు ఏమి రాయాలి? ఆరు వారాల తరువాత నివేదిక పంపితే నవ్వుతారేమో.

పెన్నా_తీరం

నవ్వరు. ఆర్డరు మాట ఎత్తకుండా పంపండి. సరుకు ఏ రోజు చేరింది, ఆలస్యం ఎందుకు జరిగింది, మీరు 12 రోజులు ఎందుకు చెప్పలేదు, ఇకముందు ఎవరు ఎన్ని గంటలలో చెబుతారు, ఈ నాలుగూ ఉండాలి. మూడోది రాయడం మీ సార్‌కు కష్టంగా ఉంటుంది, కానీ వారు వెతికేది దానినే. ఫలితం మీద నాకు హామీ లేదు. ఇంత జాప్యం తరువాత తిరిగి వచ్చినవారూ ఉన్నారు, రానివారూ ఉన్నారు.

కోవూరు_డాక్యుమెంట్లు

తొమ్మిది రోజుల తరువాత రాస్తున్నాను. మా సార్‌ను ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. "రైతు దగ్గర సరుకు దొరుకుతుందని ఆశపడి చెప్పలేదు" అన్న వాక్యాన్ని ఆయన రెండుసార్లు కొట్టేశారు, మూడోసారి ఉంచారు. నిన్న ఒసాకా నుంచి జవాబు వచ్చింది. మామూలుగానే ఎంతో మర్యాద, ధన్యవాదాలు, పరిశీలిస్తాము అన్న మాట కూడా ఉన్నది. చివర మాత్రం, కొత్తగా నిల్వ చేస్తామన్న సరుకు ఏ ఉష్ణోగ్రతలో ఉంచుతారు, ఆ నమోదు పట్టిక ఎవరు సంతకం చేస్తారు అని అడిగారు.

పెన్నా_తీరం

ప్రశ్నలు మొదలయ్యాయి. వీటి తరువాత ఇంకొకటి కూడా వస్తే అప్పుడు మాట్లాడుకుందాం. పట్టిక ఈ రోజే పంపండి, ఖాళీ గడులు ఉంటే ఎందుకు ఖాళీగా ఉన్నాయో కూడా రాయండి.

కోవూరు_డాక్యుమెంట్లు

పంపాను. రాటర్‌డామ్‌కు కూడా రెండో కంటైనరు గురించి మీ పద్ధతిలో ఐదు వాక్యాలు రాశాను. "ఓకే" అని రెండు అక్షరాల జవాబు వచ్చింది. మా సార్ దానిని చాలాసేపు చూసి, ఆమెకు ఇంకా కోపం తగ్గలేదా అని అడిగారు.